యోగా తరగతికి ఈమెయిల్ లిస్ట్: ఉచితంగా ఏమి ఇవ్వాలి, ఫారంలో ఏమి రాయాలి

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక యోగా ఉపాధ్యాయిని తమ ఇంటి మేడమీద గదిలో ఉదయం ఐదున్నరకు ఒక బ్యాచ్, సాయంత్రం ఆరున్నరకు ఒక బ్యాచ్ నడుపుతున్నారు. ఆమెకు వాట్సాప్ గ్రూపు ఉంది. కానీ కొత్త బ్యాచ్ మొదలవుతోందని అందులో పెట్టిన మాట గంటలోపే శుభోదయం బొమ్మల కింద పడిపోతుంది, తరగతి మానేసినవారు గ్రూపులోంచి కూడా వెళ్ళిపోతారు. అందుకే ఆమె ఈమెయిల్ లిస్ట్ పెంచుకోవాలనుకున్నారు. ఈమెయిల్ చిరునామా ఇచ్చినవారికి బదులుగా ఏదో ఒకటి ఉచితంగా ఇవ్వాలని, దానినే ఈ పనిలో ఉన్నవారు లీడ్ మాగ్నెట్ అంటారని ఆమెకు అప్పటికే తెలుసు. ఏమి ఇవ్వాలి, ఫారం మీద ఏ మాటలు ఉండాలి అన్న రెండు ప్రశ్నల దగ్గర ఆగిపోయి నన్ను అడిగారు. చిన్న వ్యాపారాలకు ఇలాంటి ఫారాలు, ఉత్తరాలు రాసిపెట్టడం నా పని. ఆమెతో కూర్చుని పోల్చి చూసుకున్న నాలుగు మార్గాలను, చివరకు రాసిన ఫారాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టుగా వివరిస్తున్నాను.

ముందు చూడవలసినవి

ఉచితంగా ఇచ్చేది ఎంత బాగుంది అన్నది మొదటి ప్రశ్న కాదు. దానిని చూసి ఎవరు వస్తారు అన్నదే మొదటి ప్రశ్న. తరగతి గది బైరాగిపట్టెడలో ఉన్నప్పుడు విజయవాడ నుంచి వచ్చిన వంద చిరునామాల కంటే కె.టి. రోడ్డులో ఉండే పదిమంది చిరునామాలు విలువైనవి. ఉపాధ్యాయిని ఆన్‌లైన్‌లో కూడా నేర్పితే ఈ లెక్క మారిపోతుంది.

రెండవది, తీసుకున్నవారు దానిని వాడతారా, వాడుతూ మళ్ళీ మన ఉత్తరాన్ని తెరుస్తారా అన్నది. ఫోన్‌లో దించుకుని మరచిపోయే వస్తువు చిరునామాను తెస్తుంది గానీ అలవాటును తేదు. ఉత్తరం తెరిచే అలవాటు లేని లిస్ట్‌కు ఆరు నెలల తర్వాత కొత్త బ్యాచ్ గురించి రాస్తే, చాలామందికి మీరెవరో కూడా గుర్తుండదు.

మూడవది, ఉచితంగా ఇచ్చినదానికీ డబ్బు తీసుకుని నేర్పేదానికీ మధ్య దారి ఉండాలి. ధ్యానం ఆడియో ఇచ్చి బరువు తగ్గే తరగతికి పిలిస్తే ఆ దారి తెగిపోతుంది. నాలుగవది, దానిని తయారు చేయడానికి పట్టే శ్రమ. రోజుకు రెండు బ్యాచ్‌లు నడిపే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

| ఏమి ఇస్తాము | ఎవరు వస్తారు | మళ్ళీ ఉత్తరం తెరుస్తారా | తరగతికి దారి | తయారీ |
|---|---|---|---|---|
| సూర్య నమస్కారాల చార్ట్ | ఎవరైనా | అరుదుగా | బలహీనం | ఒక పూట |
| యోగనిద్ర ఆడియో, 15 నిమిషాలు | నిద్ర పట్టనివారు, పని ఒత్తిడి ఉన్నవారు | ఆడియో లింకు కోసం తెరుస్తారు | ఆన్‌లైన్ తరగతికి బలం | రెండు మూడు రోజులు |
| కొండనడకకు కాళ్ళ అభ్యాసం, ఆరు ఉత్తరాలు | మెట్ల దారిన నడిచేవారు | ప్రతి వారం | ఉదయం బ్యాచ్‌కు బలం | రెండు వారాలు |
| ఒక ఉచిత తరగతి | దగ్గరలో ఉండేవారు మాత్రమే | అవసరం ఉండదు | చాలా బలం | తయారీ లేదు, గదిలో చోటు కావాలి |

చార్ట్, ఉచిత తరగతి

ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పన్నెండు భంగిమల బొమ్మలతో సూర్య నమస్కారాల చార్ట్ ఎక్కడ వెతికినా దొరుకుతుంది, పుస్తకాల షాపులో గోడకు తగిలించుకునే కాగితంగా కూడా దొరుకుతుంది. దానికోసం చిరునామా ఇచ్చినవారికి ఆ చార్ట్ కావాలి గానీ ఆ ఉపాధ్యాయిని అక్కరలేదు. ఇప్పటికే తరగతికి వస్తున్నవారికి ఇంటి దగ్గర చూసుకోవడానికి ఇవ్వడమే దానికి తగిన వాడుక.

ఉచిత తరగతి మాత్రం మంచిదే. వచ్చిన మనిషి గదిని చూస్తాడు, ఉపాధ్యాయిని గొంతు వింటాడు, తన వయసువారు చేస్తున్నారని గమనిస్తాడు. ఇబ్బంది ఏమిటంటే, పరాయి ఇంటి మేడ ఎక్కి కొత్తవారి ముందు ఆసనం వేయడానికి మొహమాటపడేవారు, ముఖ్యంగా నలభై దాటిన గృహిణులు, ఆ ఫారం దగ్గరే వెనుదిరుగుతారు. పైగా ఎనిమిది చాపలు పట్టే గదిలో వారానికి ఇద్దరు ముగ్గురిని మించి అదనంగా కూర్చోబెట్టలేరు. కాబట్టి దానిని మొదటి మెట్టుగా కాక, ఉత్తరాలు చదివినవారికి చివర ఇచ్చే ఆహ్వానంగా ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం.

యోగనిద్ర ఆడియో

మొదట ఆమె మొగ్గు దీనివైపే ఉంది. ఆడియోకు ఒక గొప్ప బలం ఉంది: రాత్రి పడుకునే ముందు వినే గొంతు ఉపాధ్యాయినిది. నాలుగు రాత్రులు ఆ గొంతు విన్నవారికి ఆమె కొత్త మనిషి కారు. ఆసుపత్రుల్లో షిఫ్టులు చేసే నర్సులు, పరీక్షలకు చదివే విద్యార్థులు, పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునేవారు దీనికి సహజంగా ఆకర్షితులవుతారు.

తయారీలో రెండు జాగ్రత్తలు కావాలి. రికార్డింగ్ తెల్లవారుజామున చేయాలి. ఆరు దాటితే ఆటోలు, గుడి మైకులు, పక్కింటి కుక్కర్ ఈలలు అన్నీ అందులోకి వస్తాయి, యోగనిద్రలో మాటల మధ్య నిశ్శబ్దమే ఎక్కువ కాబట్టి అవి స్పష్టంగా వినిపిస్తాయి. కిటికీలు మూసి, కింద దుప్పటి పరిచి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పక్కకు పెడితే గది మోత చాలావరకు తగ్గుతుంది. రెండవది ఫైలు పరిమాణం. సెకనుకు 64 కిలోబిట్ల మోనోలో పదిహేను నిమిషాల ఆడియో దాదాపు 7 ఎంబీ అవుతుంది. దానిని ఉత్తరానికి జతచేయకుండా లింకుగా ఇవ్వాలి, లేదంటే ఉత్తరం బరువెక్కి సరిగా చేరకపోవచ్చు.

ఇక లోటు. నిద్ర అందరి సమస్య కాబట్టి ఆడియో అన్ని ఊళ్ళవారినీ రప్పిస్తుంది. ఆన్‌లైన్‌లో సాయంత్రం తరగతి నడిపేవారికి ఇది వరమే. మేడమీద గది ఒక్కటే ఉన్నవారికి మాత్రం లిస్ట్ పెరుగుతున్నా గదిలో చాపలు నిండవు. ఈమెకు ఆన్‌లైన్ బ్యాచ్ లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. అందుకే దీనిని పక్కన పెట్టాము.

కొండనడకకు కాళ్ళ అభ్యాసం

ఈ ఆలోచన ఉదయం బ్యాచ్‌లోని ఒక పెద్దాయన మాటల్లోంచి వచ్చింది. ఆయన నెలకొకసారి శ్రీవారి మెట్టు దారిన నడిచి పైకి వెళ్తారు. మరుసటి రోజు తరగతిలో ఆసనం మార్చిన ప్రతిసారీ తొడల మీద చేతులు ఆనించి లేస్తూ "పిక్కలు పట్టేసినాయమ్మా" అంటారు. తిరుపతిలో ఇలాంటివారు వీధికి కొందరు ఉంటారు. మొక్కు కోసం కొందరు, వ్యాయామం కోసం కొందరు, రెండూ కలిపి కొందరు నడుస్తారు. వారికి కాళ్ళ గురించి ఒక స్పష్టమైన అవసరం ఉంది, అది నెలనెలా తిరిగి వస్తుంది, దానికి యోగా తరగతిలో సమాధానం ఉంది.

అభ్యాసంలో విషయం కూడా చాలా ఉంది. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల నడక ఉంటాయి. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి వెళ్ళే శ్రీవారి మెట్టు దారి దాదాపు రెండు కిలోమీటర్లే, మెట్లు 2,400కు కాస్త తక్కువ. అంటే అలిపిరి ఓర్పును అడుగుతుంది, చివర మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిటారుగా లేస్తుంది. శ్రీవారి మెట్టు తక్కువ సమయంలో తొడలను, ఊపిరిని పరీక్షిస్తుంది. ఈ తేడా తెలిసినవారు రాసిన ఉత్తరాన్ని తిరుపతివాసి వెంటనే గుర్తుపడతాడు.

ఇక్కడ మేము ఒక తప్పు చేయబోయి ఆగాము. మొదట దీనికి "ఏడు రోజుల్లో" అని పేరు పెట్టాము. ఏడు రోజుల్లో కీళ్ళ బిగువు కొంత సడలవచ్చు, అలవాటు మొదలవవచ్చు, కానీ తొడ కండరాలకు చెప్పుకోదగిన బలం రావడానికి వారాలు పడుతుంది. ఎనిమిదో రోజు కొండ ఎక్కి, మునుపటిలాగే కాళ్ళు నొప్పులు పెట్టినవారు ఆ తర్వాత ఆమె ఏమి రాసినా నమ్మరు. మూడు వారాలు, వారానికి రెండు ఉత్తరాలు, మొత్తం ఆరు అని మార్చుకున్నాము. ఇందువల్ల లిస్ట్‌కు కూడా లాభం కలిగింది. ఒక ఫైలు దించుకుని వెళ్ళిపోయే బదులు చదివేవారు ఆరుసార్లు ఉత్తరం తెరుస్తారు.

ఉత్తరాల వరుస ఇలా కుదిరింది. మొదటిది పిక్కల గురించి: గోడ పట్టుకుని తాడాసనంలో మడమలు నెమ్మదిగా ఎత్తి దించడం, ఎత్తేటప్పటి కంటే దించేటప్పుడు ఎక్కువ సమయం తీసుకోవడం. రెండవది తొడలకు ఉత్కటాసనం, కొత్తవారికి వీపు గోడకు ఆనించి. మూడవది పిరుదులకూ నడుముకూ సేతుబంధాసనం. నాలుగవది వీరభద్రాసనం, మోకాలు పాదం వేళ్ళను దాటి లోపలికి వాలకుండా ఎలా చూసుకోవాలో ఫొటోతో. ఐదవది దిగడం గురించి. కొందరు దర్శనం అయ్యాక దిగడం కూడా నడిచే దిగుతారు. కండరం సాగుతూ బరువు మోసేది అప్పుడే కాబట్టి మరుసటి రోజో ఆ పైరోజో వచ్చే నొప్పిలో ఎక్కువ భాగం దిగడం వల్లే వస్తుంది. ఆరవది నడకకు ముందు రెండు రోజులు తేలికగా ఉండటం, వచ్చాక సుప్త పాదాంగుష్ఠాసనం, గోడకు కాళ్ళు ఆనించి విపరీత కరణి. ఆ ఆరవ ఉత్తరం చివరే ఉచిత తరగతికి ఆహ్వానం ఉంటుంది.

దీని లోటు కూడా చెప్పాలి. కొండకు నడిచి వచ్చేవారు దేశమంతటా ఉన్నారు. "తిరుమల నడక" అని పెద్దగా రాస్తే చెన్నై, హైదరాబాదు, బెంగళూరు యాత్రికులు చేరిపోతారు, ఆడియోతో వచ్చిన సమస్యే ఇక్కడా వస్తుంది. దీనిని ఫారంలోని మాటలతోనే సరిచేయాలి.

ఫారం: మూడు రూపాలు

మొదట ఆమె స్వయంగా రాసుకున్నది ఇది.

> మా న్యూస్‌లెటర్‌కు సబ్‌స్క్రైబ్ అవ్వండి
> యోగాతో ఆరోగ్యం, ఆనందం, ప్రశాంతత పొందండి.
> పేరు, ఈమెయిల్, ఫోన్, వయసు, ఆరోగ్య సమస్యలు
> బటన్: సబ్మిట్

ఇందులో చదివేవారికి ఏమి దొరుకుతుందో లేదు. న్యూస్‌లెటర్ కావాలని ఎవరూ తమంతట తాము కోరుకోరు. ఐదు గళ్ళు చూడగానే ఏదో ఆఫీసు దరఖాస్తులా అనిపిస్తుంది. ఆరోగ్య సమస్యల గడి అసలే వద్దు. ఎదురుగా కూర్చున్నప్పుడు టీచరమ్మకు చెప్పుకునే విషయాన్ని ఎవరూ ముక్కూ మొహం తెలియని ఫారంలో రాయరు, రాసినా దానిని భద్రంగా దాచే బాధ్యత ఆమె మీద పడుతుంది.

రెండవది తెలిసినవారొకరు రాసిచ్చారు.

> మోకాళ్ళ నొప్పి లేకుండా కొండ ఎక్కండి!
> 7 రోజుల రహస్య అభ్యాసం, పూర్తిగా ఉచితం. ఈ అవకాశం కొద్దిరోజులే!
> ఈమెయిల్
> బటన్: ఇప్పుడే పొందండి

ఇది చూపును ఆపుతుంది, సందేహం లేదు. కానీ మోకాళ్ళ అరుగుదల ఉన్న అరవై ఏళ్ళ మనిషి ఆ శీర్షికను నమ్మి మెట్లెక్కితే ఏమవుతుందో ఆలోచించాలి. "లేకుండా" అన్న మాటను ఏ ఉపాధ్యాయినీ నిలబెట్టుకోలేదు. "కొద్దిరోజులే" అన్నది నిజం కాదు, వచ్చే నెల కూడా అదే ఫారం అక్కడే ఉంటుంది. "పొందండి" ప్రకటనల భాష, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు.

మూడవది, మేము ఉంచినది.

> నెలకోసారి కొండకు నడిచి పోయే తిరుపతివాసులకు మూడు వారాల కాళ్ళ అభ్యాసం
> పిక్కలకు, తొడలకు ఇంట్లోనే చేసుకునే పన్నెండు నిమిషాల ఆసనాలు. వారానికి రెండు చొప్పున ఆరు ఉత్తరాలు మీ ఈమెయిల్‌కు వస్తాయి.
> ఈమెయిల్
> మీరు ఉండేది: ○ తిరుపతి, చుట్టుపక్కల ○ వేరే ఊరు
> బటన్: మొదటి ఉత్తరం పంపండి
> ఆరు ఉత్తరాల తర్వాత నెలకు రెండు ఉత్తరాలు రాస్తాను, కొత్త బ్యాచ్ ఉంటే అందులోనే చెప్తాను. వద్దనుకుంటే ప్రతి ఉత్తరం అడుగున ఉన్న లింకు నొక్కండి, ఆగిపోతాయి. మోకాళ్ళకు ఆపరేషన్ అయినవారు, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగండి.

శీర్షికలోని "నెలకోసారి", "తిరుపతివాసులకు" అన్న రెండు మాటలే వడపోత. జీవితంలో ఒకసారి నడిచే యాత్రికుడు ఇది తనకోసం కాదని తెలుసుకుంటాడు. అయినా చేరేవారికి "వేరే ఊరు" అన్న గడి ఉంది. వారికీ ఆరు ఉత్తరాలు వెళ్తాయి గానీ ఉచిత తరగతి ఆహ్వానం, బ్యాచ్ సంగతులు వెళ్ళవు. "పోయే" అన్న మాట మీద మా మధ్య కొంత చర్చ జరిగింది. "వెళ్ళే" మర్యాదగా ఉంటుందని ఆమె అన్నారు. ఇక్కడివారు కొండకు పోతారు, కొండకు పోయి వస్తారు, చదివినప్పుడు తమ ఊరి మనిషి రాసినట్టు ఉండాలి అన్నది నా వాదన. చివరకు అదే ఉంచాము.

బటన్ మీద "మొదటి ఉత్తరం పంపండి" అన్నది చదివేవారు ఉపాధ్యాయినిని అడిగే మాట. నొక్కితే ఏమి జరుగుతుందో అందులోనే ఉంది. బటన్ కింది వాక్యాలు పొడవైనవే. వాటిని తగ్గించమని చాలామంది సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. ముందే టిక్ పెట్టిన గడి ఆ కొలతకు నిలవదు. చట్టం మాట అటుంచి, ఆరు ఉత్తరాల తర్వాత కూడా ఉత్తరాలు వస్తాయని ముందే చెప్పకపోతే ఏడవ ఉత్తరాన్ని కొందరు స్పామ్ అని నొక్కేస్తారు, అది మిగిలినవారికి చేరే ఉత్తరాలను కూడా దెబ్బతీస్తుంది.

ఈ విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. దేవస్థానం ముద్రను గానీ స్వామివారి బొమ్మను గానీ ఫారం మీద పెట్టలేదు. ఇది దేవస్థానం కార్యక్రమమని ఎవరైనా పొరబడితే, ఆ తర్వాత దర్శనం టికెట్ల గురించి అడిగే ఉత్తరాలకు జవాబులు రాయడంతోనే సరిపోతుంది.

బటన్ నొక్కిన తర్వాత

ఫారం పెట్టిన మొదటి వారంలోనే కొన్ని చిరునామాలకు ఉత్తరాలు తిరిగి వచ్చాయి. చూస్తే `gmail.com` బదులు `gmial.com`, `gamil.com` అని ఉన్నాయి. పెద్దవారిలో కొందరు, ఫోన్ కొన్నప్పుడు కొడుకు తెరిచి ఇచ్చిన ఈమెయిల్‌ను ఎప్పుడూ చూడనే లేదు. అందుకని బటన్ నొక్కగానే వచ్చే పేజీలో ఈ మాటలు పెట్టాము: "ఇప్పుడే మీ ఈమెయిల్ తెరిచి చూడండి. మా ఉత్తరంలో 'అవును, నేనే' అన్న చోట నొక్కితే మొదటి అభ్యాసం వస్తుంది. కనిపించకపోతే ప్రమోషన్స్‌లో, స్పామ్‌లో వెతకండి." ఈ నిర్ధారణ అడుగు వల్ల కొందరు జారిపోతారు. అయినా తప్పు చిరునామాలు లిస్ట్‌లో చేరవు, చేరినవారికి ఉత్తరం తెరవడం వచ్చునని తెలుస్తుంది.

పంపేవారి చిరునామా కూడా సరిచూసుకోవాలి. ఆమె తన జీమెయిల్ చిరునామానే పంపేవారిగా పెట్టి, వేరే మెయిలింగ్ సేవ ద్వారా పంపారు, అవి స్పామ్‌లో పడ్డాయి. తమ సర్వర్ల నుంచి వెళ్ళని ఉత్తరం మీద జీమెయిల్ చిరునామా ఉంటే గూగుల్ అనుమానిస్తుంది. సొంత డొమైన్ కొని, ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే SPF, DKIM, DMARC రికార్డులు దానికి పెట్టుకున్న తర్వాతే ఆ ఇబ్బంది తీరింది.

ఎవరికి ఏది

తిరుపతిలో గది ఉండి, ఉదయం బ్యాచ్‌లో నలభై దాటినవారు ఎక్కువగా ఉంటే కొండనడక అభ్యాసం తీసుకోవాలి. ఆన్‌లైన్‌లోనే నేర్పేవారు యోగనిద్ర ఆడియో తీసుకోవచ్చు. వారి ఫారం శీర్షిక "పడుకునే ముందు వినడానికి పదిహేను నిమిషాల తెలుగు యోగనిద్ర" అన్నంత సూటిగా ఉంటే చాలు, ఊరు అడిగే గడి అక్కరలేదు. గర్భిణులకు నేర్పేవారు మాత్రం ఉచిత ఆసనాలేవీ పంపకూడదు. మనిషిని చూడకుండా ఇచ్చే అభ్యాసం అక్కడ ప్రమాదం, కాబట్టి ఒక పరిచయ తరగతికే పిలవాలి.

చిత్తూరులో నేర్పే ఒకరు ఈ ఫారం చూసి, ఊరి పేరు మార్చి వాడుకోవచ్చా అని అడిగారు. కుదరదని చెప్పాను. చిత్తూరు నుంచి నెలనెలా కొండకు నడిచేవారు తక్కువ, ఏడాదికొకసారి మొక్కుకు వెళ్ళేవారే ఎక్కువ. ఆయన బ్యాచ్‌లో సగంమంది రోజూ కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగులని మాటల్లో తెలిసింది. అక్కడ "రోజంతా కుర్చీలో కూర్చునేవారికి నడుము అభ్యాసం" అని అదే ఆరు ఉత్తరాల పద్ధతిలో రాసుకోమన్నాను. ఊరు గడి, బటన్ మాట, కింది వాక్యాలు మాత్రం అలాగే తీసుకున్నారు. డాక్టరును అడగవలసినవారి వాక్యంలో మోకాళ్ళ స్థానంలో వెన్నుపూస డిస్కు సమస్య చేరింది.